లేబుల్ ఫొటోలో ముందు వెతకాల్సిన అంకె

సోలార్ ప్యానెల్ కొనేవాళ్లు మొదట అడిగేది ఎన్ని వాట్లని. అమ్మేవాళ్లు మొదట చెప్పేదీ అదే. ఇంట్లో ఇప్పటికే ఉన్న ఇన్వర్టర్‌కు ఆ ప్యానెల్ సరిపోతుందో లేదో తేల్చేది మాత్రం ఇంకో అంకె. లేబుల్ మీద దాన్ని Voc అని రాస్తారు. ప్యానెల్‌కు ఏమీ తగిలించకుండా ఎండలో ఉంచితే దాని రెండు వైర్ల మధ్య వచ్చే వోల్టేజీ అది.

ఖమ్మంలో ఉండే మా బావమరిది మూడు ఫొటోలు పంపాడు. ఒకటి ఎవరో తక్కువ ధరకు ఇస్తామన్న ప్యానెల్ లేబుల్. మిగతా రెండూ వాళ్లింట్లో ఉన్న ఇన్వర్టర్‌వి, బ్యాటరీవి. "540 వాట్ల ప్యానెల్ బావా, ఒక్కటి పెడితే ఇల్లంతా నడుస్తుందంటున్నాడు, తీసుకోనా?" అని అడిగాడు.

ప్యానెల్ లేబుల్‌లో Pmax 540 వాట్లు, Vmp 41.65 వోల్టులు, Imp 12.97 ఆంపియర్లు, Voc 49.5 వోల్టులు అని ఉంది. ముందుగా లేబుల్ నిజమైనదేనా అని చూడాలి. ప్యానెల్ పూర్తి సామర్థ్యంతో పనిచేసేటప్పటి వోల్టేజీ Vmp, కరెంటు Imp. ఆ రెండింటినీ గుణిస్తే Pmax రావాలి. ఇక్కడ 540 వచ్చింది, లెక్క కుదిరింది. తర్వాత కొలతలు. పొడవు 2.28 మీటర్లు, వెడల్పు 1.13 మీటర్లు అంటే దాదాపు 2.6 చదరపు మీటర్లు. ఈ రకం ప్యానెళ్లు ఒక చదరపు మీటరుకు 200 వాట్లకు కాస్త అటూ ఇటూగా ఇస్తాయి కాబట్టి ఇదీ సరిపోయింది. ఒక చదరపు మీటరు మాత్రమే ఉన్న ప్యానెల్‌కు 300 వాట్లని స్టిక్కర్ వేస్తే మాత్రం నమ్మకూడదు. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆ మేరకు మోసుకొచ్చే శక్తే దాదాపు 1000 వాట్లు. మార్కెట్‌లో దొరికే మంచి ప్యానెళ్లు కూడా అందులో నాలుగో వంతుకు మించి కరెంటుగా మార్చలేవు.

లేబుల్ చిరిగిపోయినా, ఎండకు వెలిసిపోయినా దారి లేకపోలేదు. ముందువైపు నుంచి ప్యానెల్ మొత్తం కనిపించేలా ఒక ఫొటో తెప్పించుకుని గడులు లెక్కపెట్టండి. ఎండలో ఒక్కో గడి 0.6 నుంచి 0.7 వోల్టుల దాకా ఇస్తుంది. 36 గడులుంటే Voc 22 వోల్టుల దగ్గర ఉంటుంది, అది 12 వోల్టుల బ్యాటరీ కోసం చేసిన ప్యానెల్. 72 గడులుంటే 45 నుంచి 50 దాకా వస్తుంది. ఈమధ్య వస్తున్న పెద్ద ప్యానెళ్లలో గడుల్ని సగానికి కోసి 144గా అమరుస్తున్నారు. అయితే అందులో పైభాగం, కింది భాగం ఒకదానికొకటి పక్కపక్కన కలిపి ఉంటాయి కాబట్టి వోల్టేజీకి 72గానే లెక్క.

ఇక ఇన్వర్టర్. బావమరిది వాళ్లది 12 వోల్టుల సోలార్ ఇన్వర్టర్, 900 వీఏ. దాని వెనక లేబుల్‌లో ప్యానెల్ వైర్లు తగిలించే చోటుకు సంబంధించిన వరుసలో గరిష్ఠ Voc 25 వోల్టులని, పక్కనే పీడబ్ల్యూఎం అని ఉంది. ఆ ఒక్క వరుసతో జవాబు తేలిపోయింది. 25 వోల్టులు మాత్రమే తట్టుకునే చోట 49.5 వోల్టుల ప్యానెల్ తగిలిస్తే లోపలి భాగాలు మాడిపోవచ్చు. అలా పోయిందానికి వారంటీ అడగడానికీ ఉండదు.

ఒకవేళ వోల్టేజీని తట్టుకున్నా ఇది నష్టపు బేరమే. పీడబ్ల్యూఎం పద్ధతిలో ప్యానెల్‌ను దాదాపు నేరుగా బ్యాటరీకే కలిపినట్టు అవుతుంది. 41 వోల్టుల దగ్గర పనిచేయాల్సిన ప్యానెల్ బ్యాటరీ ఉన్న 13 వోల్టులకు దిగివస్తుంది. కరెంటు మాత్రం ఆ 13 ఆంపియర్లే. 13ను 13తో గుణిస్తే 169 వాట్లు. 540కి డబ్బు కట్టి, అందులో మూడో వంతు కూడా వాడుకోలేడన్నమాట. ఎంపీపీటీ అని రాసి ఉన్న పరికరమైతే ఎక్కువ వోల్టేజీని తగ్గించి, ఆ మేరకు కరెంటును పెంచి బ్యాటరీకి ఇస్తుంది. అలాంటి ఛార్జ్ కంట్రోలర్‌ను విడిగా కొని పెట్టుకోవచ్చు.

అప్పుడు మూడో ఫొటో అడ్డం వస్తుంది. బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్, C10 ట్యూబులర్. C10 అంటే పది గంటల్లో ఖాళీ చేస్తే 150 ఏహెచ్ ఇస్తుందని అర్థం. అదే అంకె పక్కన C20 అని ఉంటే ఇరవై గంటల మీద నిదానంగా వాడితేనే అంత వస్తుంది కాబట్టి, ఒకే 150లో C10 రాసి ఉన్నదే పెద్ద బ్యాటరీ. ట్యూబులర్ బ్యాటరీకి మామూలుగా దాని ఏహెచ్‌లో పదో వంతు, అంటే ఇక్కడ 15 ఆంపియర్ల చొప్పున ఛార్జింగ్ ఇస్తారు. తయారీదారు ఇచ్చిన కాగితంలో ఇంకొంచెం ఎక్కువకు ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు. 540 వాట్లను ఎంపీపీటీ ద్వారా 13 వోల్టులకు మారిస్తే మంచి ఎండలో 40 ఆంపియర్ల దాకా వస్తాయి. కంట్రోలర్‌లో కరెంటుకు హద్దు పెట్టకపోతే బ్యాటరీ వేడెక్కి, నీళ్లు త్వరగా ఇగిరిపోయి, ఆయుష్షు తగ్గుతుంది. హద్దు పెడితే ప్యానెల్ సగానికి పైగా ఊరికే ఉంటుంది.

అందుకే బావమరిదికి చెప్పింది ఇది: 36 గడులున్న 165 వాట్ల ప్యానెళ్లు రెండు తీసుకుని, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలుపు. వోల్టేజీ 22 దగ్గరే ఉండిపోతుంది, 25 దాటదు. ఒక్కోటి 9 ఆంపియర్ల చొప్పున రెండూ కలిసి 18 ఇస్తాయి. మధ్యాహ్నం ఫ్యాన్లు తిరుగుతుంటే అందులో కొంత అటు పోతుంది, మిగిలింది బ్యాటరీకి సరిగ్గా సరిపోతుంది. ఇల్లంతా నడవడం అన్న మాటను మాత్రం మరిచిపోవాలి. 12ను 150తో గుణిస్తే 1800 వాట్‌అవర్లు. బ్యాటరీ నాలుగు కాలాలు మన్నాలంటే అందులో 1000 చిల్లర వాడుకోవాలి. మూడు ఫ్యాన్లు, నాలుగు బల్బులకు మూడు గంటల పైచిలుకు వస్తుంది.

రెండు బ్యాటరీలతో నడిచే 24 వోల్టుల ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు 72 గడుల ప్యానెల్ కుదరొచ్చు, కానీ అంచున ఉన్న అంకెతో జాగ్రత్త. లేబుల్‌లో రాసే Voc 25 డిగ్రీల దగ్గర కొలిచింది. చల్లబడితే వోల్టేజీ పెరుగుతుంది, ఈ రకంలో డిగ్రీకి 0.27 శాతం చొప్పున. చలికాలం ఆదిలాబాద్‌లో పది డిగ్రీల పొద్దున 49.5 కాస్తా 51.5 అవుతుంది. ఇన్వర్టర్ హద్దు 50 అయితే, వేసవిలో బిగించినప్పుడు బాగానే ఉన్నది జనవరిలో పోతుంది.

ఫొటో చెప్పలేనిది ప్యానెల్ ఇప్పుడున్న స్థితి. పాత సరుకైతే డబ్బు ఇచ్చేముందు మధ్యాహ్నం ఎండలో మల్టీమీటర్‌తో Voc చూడండి. వేడెక్కిన ప్యానెల్ కాబట్టి 49.5 రాదు, 45 దగ్గర వస్తే సరే. 30 దగ్గరే ఆగితే లోపల మూడు వరుసలుగా ఉన్న గడుల్లో ఒక వరుస పోయిందని అనుమానించాలి, సాధారణంగా వెనకాల పెట్టెలోని డయోడ్ దెబ్బతినడం వల్ల. వోల్టేజీ సరిగ్గా ఉన్నంత మాత్రాన తీసుకోవద్దు, ముసలిదైన ప్యానెల్ కూడా వోల్టేజీని దాదాపు పూర్తిగానే చూపిస్తుంది. తగ్గేది కరెంటు. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి, లేబుల్‌లో Isc అని ఉన్న అంకెతో పోల్చి చూడమనండి. మబ్బు లేని మధ్యాహ్నం, ప్యానెల్‌ను ఎండకు ఎదురుగా నిలబెట్టినా అందులో మూడు వంతులు కూడా రాకపోతే బేరం వదిలేయండి.