వేపుడుకు లొంగని విషం

విశాఖ హార్బరులో పొద్దున్నే రెండు కిలోల కానాగంతలు కొన్నారనుకుందాం. పాలిథిన్ సంచిలో వేయించుకుని, దారిలో సరుకులు కూడా చూసుకుని ఇల్లు చేరేసరికి మూడు గంటలు పట్టింది. అంతకుముందు పడవలో ఐసు లేకుండా ఎంతసేపున్నాయో తెలియదు. వాసనేమీ లేదు. ఉప్పూకారం పట్టించి కరకరలాడేలా వేయించారు. తిన్న అరగంటకే ఇద్దరికి ముఖం ఎర్రబడి ఒళ్లంతా దురద, తలనొప్పి. చేప పడలేదనుకుంటారు. ఎన్నాళ్లుగానో తింటున్న చేప ఇద్దరికీ ఒకే రోజు పడకపోవడమేమిటి?

కానాగంతలు, కవళ్లు, టూనా, వంజరం లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక మొప్పల్లో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా వెచ్చదనానికి పెరిగి దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అలర్జీ వచ్చినప్పుడు మన ఒంట్లో విడుదలయ్యేదీ ఇదే, అందుకే లక్షణాలు అచ్చం అలాగే ఉంటాయి. చిక్కేమిటంటే, ఒకసారి తయారైన హిస్టమిన్ నూనెలో వేయించినా, పులుసులో ఎంతసేపు మరిగించినా పోదు. డీప్ ఫ్రీజరులో పెట్టినా పోదు. పొయ్యి వేడికి బ్యాక్టీరియా చస్తుంది గానీ అది చేసిన పని మిగిలిపోతుంది.

కాబట్టి అది పుట్టకుండా చూసుకోవాలి. దానికి ఐసును మించింది లేదు. రెండు కిలోల చేపకు రెండు కిలోల ఐసు, ఎండ మండుతుంటే ఇంకాస్త ఎక్కువ. గడ్డలుగా కాక పొడిగా కొట్టించాలి. గడ్డ చేపకు ఒకటి రెండు చోట్లే తగులుతుంది. పొడి ఒళ్లంతా అంటుకుని, కరిగే నీటితో వేడిని లాగేస్తుంది. థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐసు, దానిపై చేపలు, మళ్లీ ఐసు. అడుగున చిన్న రంధ్రం ఉండాలి, లేకపోతే చేపలు నెత్తుటి నీళ్లలో నానుతాయి. ఇంటి ఫ్రిజ్‌లో కూడా చేపను ఐసుతోనే పెట్టడం మేలు. ఫ్రిజ్‌లోని చల్లగాలి ఐసంత త్వరగా చేపను చల్లబరచలేదు.

కొనేటప్పుడు కళ్లు ఉబ్బి నిగనిగలాడుతున్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా చూస్తాం. మొప్పలు ఎత్తి వాసన కూడా చూడండి. కానాగంతలు, కవళ్ల దగ్గర నేనైతే ముందు పొట్ట నొక్కుతాను. ఈ చేపలకు పొట్టే ముందు మెత్తబడి పగులుతుంది. పగిలిందంటే ఎంత బేరమిచ్చినా వద్దు. అయితే ఈ పరీక్షలన్నీ నెగ్గిన చేపలోనూ హిస్టమిన్ ఉండొచ్చు. అందుకే బుట్టలో ఐసు ఉందో లేదో చూడటం కళ్లు చూడటమంత ముఖ్యం.

ఇంటికి రాగానే మొప్పలు, పేగులు తీసేసి, పొట్టలోని నల్లపొర గీకి, చల్లటి నీళ్లతో కడగండి. మసాలా పట్టించిన ముక్కలను గట్టు మీద వదిలేయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. తినేటప్పుడు నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే, అది మసాలాది కాదనిపిస్తే, ఆ ముక్క వదిలేయాలి. దురద, మంట సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గుతాయి. ఊపిరాడకపోయినా, గుండెదడ ఎక్కువైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఏ చేప తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు చెప్పాలి.