మీ కామెంట్ మీకు కనిపిస్తోంది, మరి ఊళ్లో వాళ్లకు? వరద రోజుల్లో కామెంట్ల కంట్రోల్స్ పనిచేసే తీరు

నాగాయలంక దగ్గర లంకలో ఉన్న వాళ్లమ్మ ఫోన్ కలవక, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఒక లోకల్ యూట్యూబ్ చానల్ వీడియో కింద ఇలా రాశాడనుకోండి: ‘అమ్మ ఒక్కతే ఉంది, నీళ్లు ఇంట్లోకి వచ్చాయి, చచ్చిపోయేలా ఉంది, ఎవరైనా వెళ్లండి.’ కింద గూగుల్ మ్యాప్స్ లింకు కూడా పెట్టాడు. అతని ఫోన్‌లో ఆ కామెంట్ కనిపిస్తూనే ఉంది. అవనిగడ్డలో అదే వీడియో చూస్తున్న పడవ వాళ్లకు మాత్రం అక్కడ ఏమీ లేదు. చానల్ నడిపే వ్యక్తి దాన్ని తీసేయలేదు, అసలు చూడనే లేదు. ఆర్నెల్ల కిందట స్పామ్ ఆపుదామని అతను పెట్టుకున్న రెండు సెట్టింగ్స్ ఆ కామెంట్‌ను పక్కన కూర్చోబెట్టాయి.

ఇది ఊహించి చెప్తున్న ఉదాహరణే. పరిస్థితి మాత్రం ఊహ కాదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.4 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. బ్యారేజీ చరిత్రలో అంత వరద నమోదవడం అదే మొదటిసారి. ఆ నీరంతా దివిసీమ పక్క నుంచే సముద్రంలో కలవాలి. అలాంటి రోజుల్లో కరకట్ట ఎలా ఉంది, ఏ రోడ్డు మునిగింది అని బందరు, అవనిగడ్డ, కోడూరు వైపు జనం ముందుగా చూసేది ఫోన్‌లో లోకల్ చానళ్లూ పేజీలే. అందుకే వాటి కింద కామెంట్లను ఆపే కంట్రోల్స్ మూడింటినీ, అంటే ఎవరు రాయవచ్చు, ఏ మాటలు ఆగుతాయి, ఏది మన అనుమతి కోసం ఆగాలి అన్న మూడింటినీ, వరద కోణంలోంచి చూద్దాం.

ఎవరు రాయవచ్చు?

తేలికైనది ఇదే, మొరటుది కూడా ఇదే. ఫేస్‌బుక్‌లో పబ్లిక్ పోస్టు పెట్టినప్పుడు, ఆ పోస్టు మూలనున్న మూడు చుక్కలు నొక్కితే Who can comment on your post? అని వస్తుంది. అందరూ రాయవచ్చు అనే దగ్గర్నుంచి, మీరు పోస్టులో పేరు ట్యాగ్ చేసిన వాళ్లు మాత్రమే రాయాలి అనే దాకా అందులో బిగించుకోవచ్చు. యూట్యూబ్ లైవ్ చాట్‌లో అయితే సబ్‌స్క్రైబర్లకు మాత్రమే అవకాశం ఇవ్వవచ్చు. వాళ్లు కూడా కనీసం ఇంతకాలంగా సబ్‌స్క్రైబర్లయి ఉండాలని షరతు పెట్టవచ్చు.

మామూలు రోజుల్లో ఇది మంచి తాళమే. కొత్త ఖాతాలతో వచ్చి బూతులు రాసిపోయే వాళ్లు చాలావరకు తగ్గుతారు. వరద రోజున మాత్రం పని చెడుతుంది. ఊరి చానల్‌కు ఆ రోజు కొత్తగా వచ్చేవాళ్లలో గుడివాడలోనో హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న బంధువులు ఉంటారు. సబ్‌స్క్రైబ్ చేసుకునే తీరిక వాళ్లకెక్కడిది? నిజంగా అవసరం ఉన్నవాడు, అల్లరి చేయడానికి వచ్చినవాడు ఈ కంట్రోల్‌కు ఒకేలా కనిపిస్తారు. లైవ్ చాట్‌లో రద్దీయే సమస్యైతే Slow mode వాడండి. అది ఎవరినీ బయటకు పంపదు, ఒక్కొక్కరు రెండు మెసేజ్‌ల మధ్య కొన్ని సెకన్లు ఆగేలా చేస్తుంది.

మాటల జల్లెడ, తెలుగుతో వచ్చే చిక్కు

అసలు తంటా ఇక్కడే. యూట్యూబ్ స్టూడియోను కంప్యూటర్‌లో తెరిచి Settings లోకి వెళ్తే, కామెంట్ల విభాగంలో Blocked words అనే పెట్టె ఉంటుంది. మాటలైనా, రెండు మూడు మాటల పదబంధాలైనా కామాలు పెట్టి అందులో రాయాలి. వాటికి దగ్గరగా ఉన్న కామెంట్ వస్తే చానల్ వాళ్లు చూసేదాకా ఆగిపోతుంది. ఫేస్‌బుక్ పేజీకీ ఇలాంటి జాబితా ఉంది. ఏ భాషలోనైనా వెయ్యి దాకా మాటలు చేర్చవచ్చు. అక్షరాల మధ్య అంకెలూ గుర్తులూ ఇరికించి రాసినా పట్టుకుంటామని ఫేస్‌బుక్ చెబుతుంది.

అయితే తెలుగు మాట ఒక్క రూపంలో కూర్చోదు. మీరు ‘లోన్’ అని జాబితాలో పెడతారు. మోసగాడు ‘లోను’, ‘లోన్లు’, ‘లోనిస్తాం’ అని రాస్తాడు. లేదంటే ఇంగ్లిష్ అక్షరాల్లో lon అనో lonu అనో కొడతాడు. మన కీబోర్డులు ‘లోన్‌లు’ అని పొల్లు విడిగా కనిపించేలా రాసేటప్పుడు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. మనం చదివేటప్పుడు రెండూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం ‘లోన్‌లు’ వేరు, ‘లోన్లు’ వేరు. జల్లెడ దేన్ని పడుతుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది ఊహించడం కంటే, మీ ఇంట్లో వాళ్ల ఖాతా నుంచి నాలుగైదు రకాలుగా రాయించి చూడటం మేలు.

దొరకాల్సింది జారిపోవడం ఒక తలనొప్పి. దొరకకూడనిది దొరకడం అంతకంటే ప్రమాదం. తిట్లలో వాడతారని ‘చావు’, ‘చచ్చి’ లాంటి మాటల్ని చాలామంది జాబితాలో పెడతారు. మన వైపు కష్టంలో ఉన్న మనిషి నోట ముందుగా వచ్చేదీ అదే మాట. ‘దొంగ’ను ఆపితే తిట్టేవాళ్లతో పాటు, ఖాళీ చేసిన ఇళ్లలో దొంగలు పడుతున్నారని చెప్పేవాళ్లూ ఆగుతారు. పుకార్ల సంగతి చూడండి. ‘కరకట్ట తెగింది’ అని ఎవరో అబద్ధం రాశారని ‘తెగింది’ని ఆపేస్తే, నిజంగా గండి పడినప్పుడు ముందుగా చూసినవాడి మాట కూడా మీ జాబితాలోనే ఇరుక్కుంటుంది. పుకారును మాటను బట్టి పట్టలేరు. నిజమూ అబద్ధమూ అవే అక్షరాల్లో వస్తాయి.

కాబట్టి ఒంటి మాటల్ని కాకుండా, మోసగాళ్లు మాత్రమే వాడే పదబంధాల్ని పెట్టుకోవడం మంచిది. కష్టంలో ఉన్నవాడు రాయని వాక్యాలు ఇలా ఉంటాయి:

```
లోన్ కావాలా, loan kavala, instant loan, ఇంటి నుంచే సంపాదన, inti nunche sampadana
```

‘ఈ నంబర్‌కు ఫోన్ చేయండి’ అన్నది మాత్రం ఇందులో చేర్చకండి. సాయం అడిగేవాళ్లూ అదే రాస్తారు.

లింకుల సంగతీ ఇంతే. యూట్యూబ్‌లో Block links ఆన్ చేస్తే లింకు ఉన్న కామెంట్లు బయటకు రాకుండా ఆగుతాయి. నకిలీ విరాళాల లింకులు ఆగడానికి అది నిజంగా పనికొస్తుంది. దాంతో పాటే మ్యాప్స్ లొకేషన్ కూడా ఆగుతుంది. వరద సమయంలో దీన్ని ఆన్‌లోనే ఉంచదలిస్తే, ‘లింకు వద్దు, ఊరి పేరు, వీధి, దగ్గర్లోని గుడి లేదా బడి పేరు రాయండి’ అని మీరే ఒక కామెంట్ పెట్టి పైన పిన్ చేయండి.

ఆపిన కామెంట్ ఎక్కడికి పోతుంది?

యూట్యూబ్‌లో కామెంట్లను ఆపడానికి మెట్లున్నాయి. ఏదీ ఆపకపోవడం ఒకటి. Basic అయితే బాగోలేదని సిస్టమ్‌కు అనిపించినవి ఆగుతాయి. Strict అయితే ఇంకా ఎక్కువ ఆగుతాయి. Hold all పెడితే వచ్చిన ప్రతి కామెంటూ మీ అనుమతి కోసం ఆగుతుంది. ఇలా ఆగినవన్నీ స్టూడియోలో Comments కింద Held for review అనే చోట చేరతాయి. అక్కడ గరిష్ఠంగా 60 రోజులుంటాయి. రాసినవారికి ‘మీ కామెంట్ ఆగింది’ అని కబురు వెళ్లదు. చాలాసార్లు వాళ్ల ఫోన్‌లో అది మామూలుగానే కనిపిస్తుంది కూడా.

అంటే Hold all అన్నది సెట్టింగ్ కన్నా ఎక్కువగా ఒక డ్యూటీ. ఎవరో ఒకరు అరగంటకోసారైనా ఆ జాబితా తెరవాలి. నాగాయలంకలో కెమెరా పట్టుకుని తిరుగుతున్న మనిషి వల్ల అది కాదు. కరెంటు ఉండదు, సిగ్నల్ ఉండదు, ఫోన్ చార్జింగ్ వీడియోలకే చాలదు. ఆ పని నీళ్లు రాని చోట ఉన్నవాళ్లకు అప్పగించాలి. గుడివాడలో తమ్ముడో, విజయవాడలో స్నేహితుడో అయినా చాలు. అందుకోసం పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. Settings లోని Permissions ద్వారా వాళ్ల మెయిల్ చేర్చవచ్చు. చేర్చాక వాళ్ల ఫోన్‌లో Held for review తెరుచుకుంటోందా, అక్కడి నుంచి ఒక కామెంట్‌ను అనుమతించగలుగుతున్నారా అని వాన మొదలవక ముందే చూసుకోండి. అలాంటి మనిషి దొరకకపోతే Hold all జోలికి పోకుండా Basic దగ్గర ఆగడమే నయం. నాలుగు పిచ్చి కామెంట్లు కనిపిస్తే కనిపించనివ్వండి.

ఊళ్లో నమ్మకస్తులు, అంటే పడవ నడిపేవారు, సచివాలయ సిబ్బంది, ఆశా కార్యకర్తలు మీ వీడియోల కింద రాస్తుంటే వాళ్లను Approved users లో చేర్చండి. మాటల జల్లెడ, లింకుల అడ్డు వాళ్లకు వర్తించవు. వాళ్లు పెట్టిన లొకేషన్ నేరుగా బయటకు వస్తుంది. ఈ సౌకర్యాన్ని మన లోకల్ చానళ్లు వాడేది తక్కువ. నా లెక్కలో ఈ మొత్తం సెట్టింగ్స్‌లో ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

ఫేస్‌బుక్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ కామెంట్‌ను Hide చేస్తే అది రాసినవారికీ వారి స్నేహితులకూ కనిపిస్తూనే ఉంటుంది, మిగతా లోకానికే కనిపించదు. పుకారును హైడ్ చేసి ఊపిరి పీల్చుకున్నారనుకోండి. ఆ రాసినాయన స్నేహితులంతా అదే ఊరివాళ్లయితే, పుకారు తిరగాల్సిన చోట తిరుగుతూనే ఉంటుంది. అలాంటిదాన్ని డిలీట్ చేయండి, లేదా అక్కడే జవాబు రాసి నిజం చెప్పండి.

రాసేవారు ఎలా తెలుసుకోవాలి?

మీరు కామెంట్ రాసే వైపు ఉంటే, పరీక్షకు నిమిషం చాలు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ కాకుండా ఆ వీడియో కింద ‘కొత్తవి ముందు’ అనే వరుసలో వెతకండి. ఫేస్‌బుక్ అయితే మీ స్నేహితుల జాబితాలో లేని మనిషి ఫోన్‌లో చూడమనండి. అక్కడ లేకపోతే మీ మాట ఆగిందని అనుకోవచ్చు. లింకు తీసేసి, ఊరి పేరూ ఆనవాళ్లూ మామూలు మాటల్లో మళ్లీ రాయండి. మున్సిపాలిటీ పేజీ కింద డ్రైనేజీ ఫిర్యాదు పెట్టి ఎవరూ స్పందించలేదని బాధపడేవారు కూడా ఒకసారి ఇలా చూసుకోవచ్చు. ‘లంచం’ లాంటి మాట జాబితాలో ఉంటే, మీ ఫిర్యాదు మీకూ మీ స్నేహితులకూ తప్ప ఇంకెవరికీ కనిపించకుండా అక్కడే ఉండిపోతుంది.

ప్రాణం మీదికి వచ్చిన సంగతైతే కామెంట్ రాసే ముందే 112కు గానీ, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070కి గానీ ఫోన్ చేయండి. కామెంట్ దాని తర్వాతే.