ముందున్న లారీ నంబరులో అంకెలు మాయమైతే

విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే హైవే మీద, సాయంత్రం పూట సూర్యాపేట దాటాక ఎండ నేరుగా కారు ముందద్దం మీద పడుతుంది. మైగ్రేన్ ఉన్న ఒక మనిషి అప్పుడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాడనుకుందాం. ముందున్న లారీ నంబరు ప్లేటు మీద చివరి రెండు అంకెలు కనిపించడం లేదు. ఎండ వల్లేమో అనుకుని కళ్లు నులుముకున్నా ఫలితం లేదు. కాసేపటికి ఆ ఖాళీ అంచున రంపపు పళ్లలాంటి గీత మిలమిలలాడుతూ పెద్దదవుతుంది. తలనొప్పి మాత్రం ఇంకా మొదలుకాలేదు.

దీన్నే డాక్టర్లు ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఇది వస్తుంది. లోపం కంట్లో కాదు, తల వెనుక భాగంలో చూపును నడిపించే మెదడు పొరలో ఉంటుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తనకు ఆరా వచ్చినప్పుడు కనిపించిన ఖాళీని కాగితం మీద గీసి పెట్టుకున్నాడు. ఆ అలజడి మెదడు మీద నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని 1941లో లెక్కకట్టాడు. ఇంత నెమ్మదిగా పాకుతుంది కాబట్టే ఆరా సాధారణంగా 5 నుంచి 60 నిమిషాల దాకా ఉంటుంది.

అసలు ప్రమాదం ఎక్కడంటే, ఆ ఖాళీ చాలాసార్లు నల్లగా కనిపించదు. చుట్టూ ఉన్న రోడ్డు రంగుతోనే మెదడు దాన్ని పూడ్చేస్తుంది. ఎడమవైపు సర్వీసు రోడ్డు నుంచి బైకు వస్తున్నా, డ్రైవరుకు అక్కడ ఖాళీ రోడ్డే కనిపించవచ్చు. అందుకే ‘నాకు బాగానే కనిపిస్తోంది’ అన్న నమ్మకం అప్పుడు పనికిరాదు. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది.

అంకె మాయమైందని తెలిసిన క్షణంలోనే వేగం తగ్గించి, ఎడమ ఇండికేటరు వేసి, దగ్గర్లోని పెట్రోలు బంకులోకో దాబా ఆవరణలోకో తిప్పాలి. అలాంటి చోటు కనుచూపు మేరలో లేకపోతే రోడ్డుకు వీలైనంత ఎడంగా, మలుపు లేని చోట ఆపి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించాలి. కార్లో కూర్చోకుండా ఎడమ తలుపు నుంచి దిగి, రెయిలింగు ఉంటే దాని అవతలికి వెళ్లాలి. హైవే సాయానికి 1033కి ఫోన్ చేయవచ్చు. బైకు నడిపేవాళ్లకు చూపుతోపాటు తూలు కూడా తోడైతే బ్యాలెన్సు పోతుంది, కాబట్టి వాళ్లు ఇంకా ముందే ఆపాలి.

చాలామంది తడబడేది ఆ తర్వాతే. అరగంటలో మెరుపులు తగ్గి చూపు తేటపడుతుంది. నొప్పి రాకముందే ఇల్లు చేరిపోదామని గబగబా బయల్దేరతారు. సాధారణంగా ఆరా మొదలైన గంటలోపే తలనొప్పి అందుకుంటుంది. వెంట వాంతి, వెలుతురు పడకపోవడం వస్తాయి. అప్పటికి చీకటి పడి ఉంటే ఎదుటి వాహనాల హెడ్‌లైట్లను తట్టుకోవడం కష్టం. కాబట్టి స్టీరింగు ఇంకొకరికి ఇవ్వాలి, లేదా నొప్పి పూర్తిగా తగ్గేదాకా అక్కడే ఉండాలి.

మాత్ర వేసుకున్నా ఇదే మాట. సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ కొందరికి మగతనీ తల తిరుగుడునీ తెస్తాయి. వాంతులకు ఇచ్చే కొన్ని మందులు, నివారణకు రాసే ఫ్లునారిజిన్, అమిట్రిప్టిలిన్ కూడా నిద్రమత్తు కలిగిస్తాయి. కొత్త మందు మొదటిసారి వేసుకున్న రోజు బండి ముట్టుకోకూడదు.

అసలు బయల్దేరకూడని రోజులూ ఉంటాయి. కొందరికి నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే, ఊరికే ఆవలింతలు వస్తాయి, మెడ పట్టేస్తుంది, వెలుతురు చిరాకు పెడుతుంది. తమకు అవే గుర్తులని తెలిసినవాళ్లు ఆ రోజు దూరప్రయాణం మానుకోవడమే మంచిది. తల తిరుగుతున్నా, చూపులో ఏ కొంచెం తేడా ఉన్నా వీధి చివరిదాకా కూడా నడపకూడదు. తన డ్రైవింగును జనానికి ప్రమాదకరంగా మార్చే జబ్బు ఉందని తెలిసీ బహిరంగ ప్రదేశంలో వాహనం నడపడం మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద నేరం.

ఒక జాగ్రత్త మరవకూడదు. జీవితంలో మొదటిసారి ఇలా కనిపించినా, చూపు ఒక్కసారిగా పోయినా, గంట దాటినా తగ్గకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక చేయి పట్టు తప్పినా దాన్ని మైగ్రేన్ అనుకుని ఊరుకోకూడదు. పక్షవాతం కూడా కావచ్చు. బండి ఆపి వెంటనే 108కి ఫోన్ చేసి, లక్షణం మొదలైన సమయం చెప్పాలి. ఆస్పత్రిలో చికిత్స నిర్ణయించేటప్పుడు డాక్టర్లకు కావాల్సిన ముఖ్యమైన వివరాల్లో అదొకటి.