డీజిల్ ఉన్నా జనరేటర్ ఎందుకు ఆగుతుంది?

2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచెత్తింది. బెల్‌వ్యూ ఆస్పత్రి జనరేటర్లు 13వ అంతస్తులో ఉండడంతో నీళ్లు వాటిని తాకలేదు. కానీ డీజిల్‌ను పైకి పంపే పంపులు సెల్లార్‌లో మునిగిపోయాయి. సిబ్బంది, సైనికులు మెట్ల వెంట వరసగా నిలబడి డీజిల్‌ను చేతులమీదుగా పైకి అందించారు. చివరికి రోగులందరినీ వేరే ఆస్పత్రులకు తరలించాల్సి వచ్చింది.

అసలు పంపును అంత కింద పెట్టడమెందుకు? పంపు గాలిని లాగేస్తే, బయటి వాతావరణ పీడనమే డీజిల్‌ను పైపులోకి నెడుతుంది. ఆ బలంతో ఆచరణలో నాలుగైదు మీటర్లకు మించి ఎత్తడం కష్టం. పైకి తోయడానికి మాత్రం ఆ హద్దు లేదు. అందుకే పంపు ట్యాంకు దగ్గరే ఉండాలి. అలాగని సెల్లార్‌లోనే ఉండక్కర్లేదు. భూగర్భ ట్యాంకు పక్కన, వరద మట్టం కంటే ఎత్తైన దిమ్మె మీద పెట్టవచ్చు. లేదా ట్యాంకులోనే మునిగి పనిచేసే పంపును వాడి, దాని కరెంటు ప్యానెల్‌ను పైన ఉంచవచ్చు.

ఇప్పుడు మన దగ్గరి లెక్క చూద్దాం. 500 కేవీఏ జనరేటర్ పూర్తి లోడు మీద గంటకు సుమారు 100 లీటర్లు తాగుతుంది. 48 గంటలకు 4,800 లీటర్లు కావాలి. మన చట్టం ప్రకారం ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లు, మొత్తం 2,500 లీటర్లు దాటితే డీజిల్ నిల్వకు లైసెన్సు ఉండాలి. 990 లీటర్ల డే ట్యాంకులు ఇంతగా కనిపించేది అందుకే. పెద్ద నిల్వకు లైసెన్సు తీసుకుని ట్యాంకును భూమిలో పెడతారు, జనరేటర్ పక్కన డే ట్యాంకు ఉంటుంది.

డే ట్యాంకుతో పది గంటలు నడుస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అడుగున నీరు, మడ్డి చేరే పదో వంతును వాడుకోకూడదు. సగానికి దిగాక పంపు మొదలయ్యేలా అమర్చితే, సరిగ్గా అప్పుడే పంపు చెడితే మిగిలేది 400 లీటర్లు, అంటే నాలుగు గంటలు. ముప్పాతిక వంతు దగ్గరే మొదలయ్యేలా పెడితే ఆరున్నర గంటలు దొరుకుతాయి. మెకానిక్‌ను పిలిపించి బాగు చేయించుకోవడానికి ఆ తేడా చాలా విలువైనది. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

పంపు గంటకు 100 లీటర్లే తోస్తే ట్యాంకు ఎప్పటికీ నిండదు. కనీసం 300 లీటర్లయినా తోయాలి. అప్పుడు ఆపే ఫ్లోటు స్విచ్చి ఇరుక్కుంటే డీజిల్ పొంగుతుంది. అందుకని వేరుగా ఇంకో స్విచ్చి, మోగే అలారం, నింపే పైపు కంటే లావుగా కిందికి దిగే ఓవర్‌ఫ్లో పైపు ఉండాలి. ఆ పైపు మీద వాల్వు పెట్టకూడదు. జీఐ పైపులూ వద్దు. జింకు పూత డీజిల్‌తో కలిసి ఫిల్టర్లను, ఇంజెక్టర్లను పాడుచేస్తుంది. మామూలు నల్ల ఇనుప పైపే మేలు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటప్పుడు పంపుకు కరెంటు జనరేటర్ నుంచే అందాలి. పక్కన రెండో పంపు, చేత్తో కొట్టే పంపు ఉండాలి. ఇవన్నీ పనిచేస్తాయో లేదో తెలియాలంటే మెయిన్ ఆపి జనరేటర్‌ను లోడు మీద నడపండి. మట్టం ముప్పాతికకు దిగేదాకా ఆగి, పంపు తనంతట తాను మొదలైందో లేదో ట్యాంకు గేజీలో చూడండి.