మైనస్ 33 కోసం మెషీను కొనాలా?

2019 జనవరి 30న అమెరికాలోని మినియాపొలిస్‌లో చలి మైనస్ 33 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. ఆ ఊళ్లో అపార్టుమెంట్లకు హీట్ పంప్ పెడదామని ఎవరైనా అంటే మొదట వచ్చే ప్రశ్న ఆ రోజు గురించే: "అలాంటి రాత్రికి అది పనిచేస్తుందా?" అడగాల్సిన ప్రశ్నే. కానీ మెషీను సైజు తేల్చాల్సింది మాత్రం ఆ రాత్రి కాదు.

హీట్ పంప్ అంటే మన ఏసీనే, తిరగేసి నడిపించినట్టు. బయటి గాలిలో ఉన్న కొద్దిపాటి వేడిని లాగి లోపలికి తోస్తుంది. దీంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. బయట చలి పెరిగేకొద్దీ భవనానికి ఎక్కువ వేడి కావాలి, సరిగ్గా అప్పుడే దాని సత్తా తగ్గిపోతుంది. ఒక గీత ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంది. ఆ రెండూ కలిసే చోటును బ్యాలెన్స్ పాయింట్ అంటారు. అంతకంటే చల్లబడితే బ్యాకప్ అందుకోవాలి.

ఒక భవనాన్ని ఊహించుకుందాం: మినియాపొలిస్‌లో 24 ఫ్లాట్ల పాత ఇటుక కట్టడం, కింద సెల్లార్‌లో గ్యాసు బాయిలర్. బాయిలర్ మీది రేకు 250 కిలోవాట్లు అంటుంది. దాన్ని నమ్మి అంతే హీట్ పంప్ కొంటే మునిగినట్టే. పాత బాయిలర్లను చాలాచోట్ల "ఎందుకైనా మంచిది" అని అవసరానికి మించి పెట్టేవారు. నిజం చెప్పేది గ్యాసు బిల్లు. జనవరి బిల్లులోంచి స్నానాల వేడినీళ్ల వాటా (అది జులై బిల్లులో తెలిసిపోతుంది) తీసేస్తే 2,380 థర్మ్‌లు మిగిలాయనుకుందాం. థర్మ్‌కి 29.3 యూనిట్లు, బాయిలర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే ఇళ్లకు అందిన వేడి సుమారు 55,800 యూనిట్లు. నెలలోని 744 గంటలతో భాగిస్తే సగటున 75 కిలోవాట్లు. అక్కడ జనవరి సగటు మైనస్ 9 డిగ్రీలు. మిగతా నెలల బిల్లులనూ ఇలాగే గ్రాఫు మీద పెడితే గీత 16 డిగ్రీల దగ్గర సున్నాకు చేరిందనుకోండి. అంటే అక్కడి వరకూ మనుషులు, పొయ్యిలు, ఎండ చాలు. 16కి కింద ఒక్కో డిగ్రీకి 3 కిలోవాట్లు కావాలి. డిజైను చలిగా మైనస్ 24 తీసుకుంటే 120 కిలోవాట్లు. రేకు మీద రాసినదాంట్లో సగం కూడా లేదు.

ఇప్పుడు బిన్‌ల సంగతి. ఏడాదిలో 8,760 గంటలు. ప్రతి గంటకూ బయటి ఉష్ణోగ్రత ఎంతో వాతావరణ రికార్డుల్లో దొరుకుతుంది. పోస్టాఫీసులో ఉత్తరాలను అరల్లో వేసినట్టు ఆ గంటలను అయిదేసి డిగ్రీల అరల్లో వేస్తాం. ఆ అరే బిన్. మినియాపొలిస్ వాతావరణానికి దగ్గరగా, గుండ్రంగా వేసుకుంటే 1 నుంచి మైనస్ 4 మధ్య అరలో 1,150 గంటలు పడతాయి. మైనస్ 9 నుంచి 14 వరకు 450, మైనస్ 14 నుంచి 19 వరకు 250, మైనస్ 19 నుంచి 24 వరకు 90. అంతకంటే చల్లనివి 35 గంటలే. ఒక్కో అరలో గంటల్ని ఆ అర మధ్య ఉష్ణోగ్రత దగ్గరి అవసరంతో గుణించి కలిపితే ఏడాదికి సుమారు 2,58,000 యూనిట్ల వేడి అవుతుంది.

కంపెనీ పట్టికలో ఒక హీట్ పంప్ 8 డిగ్రీల దగ్గర 100 కిలోవాట్లు, మైనస్ 11.5 దగ్గర 71, మైనస్ 16.5 దగ్గర 64, మైనస్ 21.5 దగ్గర 57 ఇస్తుందనీ, మైనస్ 24 దాటితే ఆగిపోతుందనీ అనుకుందాం. మన గీతతో కలిపి చూస్తే బ్యాలెన్స్ పాయింట్ మైనస్ 9 దగ్గర వస్తుంది. దానికి కింది అరల్లో లోటు లెక్కేద్దాం. మైనస్ 11.5 దగ్గర 82.5 కావాలి, ఉన్నది 71. లోటు 11.5 కిలోవాట్లు, దాన్ని 450 గంటలతో గుణిస్తే 5,175 యూనిట్లు. తర్వాతి అరల్లో 8,375, 4,995. ఆఖరి 35 గంటల్లో పంపు నిద్రపోతుంది కాబట్టి 126 కిలోవాట్లూ బ్యాకప్‌వే, 4,410. మొత్తం కలిపినా 23,000కు లోపే. ఏడాది వేడిలో 9 శాతం.

"ఆ 9 శాతం మాత్రం ఎందుకు? పెద్ద మెషీను కొనేద్దాం" అంటారా? ఒకటిన్నర రెట్లు కొన్నా బ్యాకప్ వాటా 7,200 యూనిట్లకు దిగుతుంది తప్ప పోదు. తగ్గిన 15,700 యూనిట్ల వేడిని ఆ చలిలో పంపు తయారు చేయాలంటే దాదాపు 8,600 యూనిట్ల కరెంటు తాగుతుంది. కాబట్టి కరెంటు హీటర్లతో పోల్చినా నికరంగా మిగిలేది 7,100 యూనిట్లే. యాభై కిలోవాట్ల అదనపు మెషీను ధర దాంతో తిరిగిరావడం కష్టం. పైగా ఏప్రిల్‌లో 13 డిగ్రీలున్నప్పుడు భవనానికి కావాల్సింది 9 కిలోవాట్లు. పెద్ద కంప్రెసర్ అంత కిందికి దిగలేక నిమిషాలకోసారి ఆగుతూ మొదలవుతూ అరిగిపోతుంది. నన్నడిగితే ఒక్క వంద కిలోవాట్ల మెషీను బదులు పాతికేసివి నాలుగు పెట్టమంటాను. ఒకటి చెడినా మూడు నడుస్తాయి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. బ్యాకప్ పని 9 శాతమే కదా అని బ్యాకప్‌నీ చిన్నది కొంటారు. పనెంత అన్నది బిన్ లెక్క చెబుతుంది, బలమెంత ఉండాలన్నది చెప్పదు. బిన్‌లు మామూలు ఏడాదివి, వాటిలో 2019 జనవరి 30 ఉండకపోవచ్చు. ఆ రోజు మైనస్ 33 దగ్గర ఈ భవనానికి 147 కిలోవాట్లు కావాలి, పంపు నుంచి వచ్చేది సున్నా. పెళ్లికి షామియానా కొట్టు నుంచి గుండిగలు తెచ్చుకుంటాం. వాడేది ఒక్కరోజే అయినా ఊరంతటికీ వండగలిగినవే తేవాలి. బ్యాకప్ అలాంటిది. అంత బలం కరెంటు హీటర్లతో తెస్తే 208 వోల్టుల త్రీఫేజ్ మీద 126 కిలోవాట్లకే 350 ఆంపియర్లు లాగుతుంది. పాత భవనం మెయిన్ మార్చాల్సి రావచ్చు. పాత గ్యాసు బాయిలర్ బాగుంటే దాన్ని పీకకండి, ఆ 9 శాతానికి అదే చౌక.

పట్టిక చదివేటప్పుడు ఒకటి గమనించండి. సున్నాకు అటూఇటూ తేమగాలిలో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి పంపు కాసేపు వెనక్కి తిరిగి లోపలి వేడినే లాక్కుంటుంది. ఆ నష్టం కలిపి ఇచ్చిన అంకెలా, కలపకుండా ఇచ్చినవా అని అడగండి. కలపనివైతే పైన వేసిన బ్యాలెన్స్ పాయింట్ మైనస్ 9 కాదు, ఇంకా వెచ్చటి వైపు జరుగుతుంది. రేడియేటర్ల సంగతీ అంతే. డిసెంబరులో వాటికి 80 డిగ్రీల నీళ్లు కావాల్సి వస్తే, 55 దగ్గర ఆగే పంపుకు సత్తా మిగిలి ఉన్నా లాభం లేదు.

పెట్టాక మొదటి శీతాకాలంలో ఒక పుస్తకం పెట్టుకోండి. బయటి ఉష్ణోగ్రత, బ్యాకప్ నడిచిన గంటలు రోజూ రాయండి. మైనస్ 2, 3 దగ్గరే బ్యాకప్ వెలుగుతుంటే, అదీ పంపులన్నీ బాగానే నడుస్తున్నప్పుడు, ముందు కంట్రోలర్‌లో బ్యాకప్ మొదలయ్యే ఉష్ణోగ్రత ఎంత పెట్టారో చూడండి.