పాస్‌పోర్టులో ఏ పేరుంటే ఆ పేరే

దోహాలోనో మస్కట్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లు జీఆర్ఈ రాయాలనుకుంటే అక్కడి కేంద్రంలోనే సీటు తీసుకుంటారు. రోజూ జేబులో ఉండే రెసిడెన్సీ కార్డుతో బ్యాంకు పని, ఆస్పత్రి పని, సిమ్ కార్డు పని అన్నీ అయిపోతుంటాయి. కాబట్టి పరీక్షకూ అదే చాలనుకోవడం సహజం. కానీ చాలదు. సొంత దేశం బయట జీఆర్ఈ రాసేవాళ్లు పాస్‌పోర్టు చూపించాల్సిందేనని ఆ పరీక్ష నడిపే ఈటీఎస్ నియమం. యూరప్‌లో కొన్ని దేశాల పౌరులకు సడలింపు ఉంది గానీ అది మనకు వర్తించదు. పాస్‌పోర్టు ఒరిజినల్ అయ్యుండాలి, గడువు దాటకూడదు, ఫోటో, సంతకం రెండూ ఉండాలి. జిరాక్సు పనికిరాదు. ఫోన్‌లో తీసుకున్న బొమ్మా పనికిరాదు. రెన్యువల్‌కిచ్చామని చూపించే రసీదూ అంతే.

పాస్‌పోర్టు చేతిలో ఉన్నా తిప్పలు పడేది పేరు దగ్గర. మనవాళ్లకు ఒక్కో కాగితంలో ఒక్కో పేరుంటుంది. ఒకమ్మాయి పదో తరగతి మెమోలో కె. లక్ష్మీ ప్రసన్న అని ఉందనుకుందాం. డిగ్రీ పట్టాలో కొండవీటి లక్ష్మీ ప్రసన్న. ఈమెయిల్‌లో ప్రసన్న కె. పెళ్లయ్యాక ఫేస్‌బుక్‌లో భర్త ఇంటిపేరు వచ్చి చేరింది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో KONDAVEETI అనీ, గివెన్ నేమ్ గడిలో LAKSHMI PRASANNA అనీ ఉంది. ఇంట్లో ఎవరికీ ఇందులో వింతేమీ కనబడదు. అందరికీ తెలిసిన మనిషే కదా!

ఆవిడ ఈటీఎస్ అకౌంటు తెరిచేటప్పుడు బ్రౌజర్ తనంతట తానే Prasanna K అని నింపేసింది. ఆవిడ చూసుకోకుండా డబ్బు కట్టేసింది. పరీక్ష రోజు కేంద్రంలో ఉద్యోగి ఒక చేత్తో పాస్‌పోర్టు పట్టుకుని, ఎదురుగా ఉన్న జాబితాలో పేరు వెతుకుతాడు. ఆ జాబితాలో కనబడేది అకౌంటులో టైపు చేసిన పేరే. రెండూ కలవలేదు. డిగ్రీ పట్టా తీసి చూపించినా, మ్యారేజ్ సర్టిఫికెట్ ఇచ్చినా ఆ ఉద్యోగి చేయగలిగింది లేదు, ఎందుకంటే జాబితాలో పేరు దిద్దే అధికారం కేంద్రానికి ఉండదు. వెనక్కి పంపిస్తే కట్టిన ఫీజు పోయినట్టే. చిన్న అక్షర దోషాలుంటే ముందుగానే ఈటీఎస్‌కు రాసి సరిచేయించుకోవచ్చు. పరీక్ష రోజు గుమ్మం దగ్గర మాత్రం ఆ అవకాశం లేదు.

ఇంత పట్టింపు దేనికని చాలామంది విసుక్కుంటారు. దీని వెనక దొంగ పరీక్షల చరిత్ర ఉంది. 2015లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 15 మంది చైనా పౌరుల మీద ఫెడరల్ కేసు పెట్టారు. ఒకరి బదులు ఇంకొకరు శాట్, జీఆర్ఈ, టోఫెల్ రాశారన్నది అభియోగం. వాళ్లు వాడారన్న నకిలీ పాస్‌పోర్టుల్లో పేరు అసలు విద్యార్థిది, ఫోటో పరీక్ష రాసేవాడిది. అంటే పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది, మొహమే మారింది. అందుకే ఇప్పుడు కేంద్రాల్లో పేరు చూసి ఊరుకోరు. అక్కడికక్కడే ఫోటో తీస్తారు, సంతకం పెట్టిస్తారు. కొన్ని పరీక్షలకైతే వేలిముద్ర, ఇంకొన్నిటికి అరచేతిలో నరాల స్కాన్ కూడా ఉంది. ఐఈఎల్‌టీఎస్ ఫలితాల పత్రం మీద అభ్యర్థి ఫోటో ఉంటుంది. ఫోటో మనిషిని పట్టిస్తుంది, పేరు కాగితాలను కలుపుతుంది. స్కోరు కార్డు నుంచి యూనివర్సిటీ దరఖాస్తుకు, అక్కడి నుంచి ఐ-20కి, చివరికి వీసా ఫారానికి అదే పేరు ప్రయాణం చేయాలి. మధ్యలో ఒక్కచోట LAXMI అయితే, యూనివర్సిటీ కంప్యూటర్‌కు స్కోరు వచ్చినా అది ఎవరిదో తేలక పక్కన పడి ఉండొచ్చు.

మన పేర్లలో తప్పులు ఎక్కడ దొర్లుతాయో కాస్త వివరంగా చెప్పాలి. LAKSHMI, LAXMI మనకు ఒకటే, SRINIVAS, SREENIVAS ఒకటే. పాస్‌పోర్టుకు ఇవి వేరు వేరు పేర్లు. SAI KUMAR మధ్య ఖాళీ ఉందా, SAIKUMAR కలిపి ఉందా అన్నది కూడా చూసుకోవాలి. తేల్చుకోవడానికి పాస్‌పోర్టు ఫోటో పేజీలో అడుగున ఉన్న రెండు వరసల్లో మొదటిది చదవండి. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది:

```
P<INDKONDAVEETI<<LAKSHMI<PRASANNA<<<<<<<<<<<
```

IND అంటే దేశం. దాని తర్వాత వచ్చేది ఇంటిపేరు. రెండు గుర్తులు జంటగా ఉన్నచోట ఇంటిపేరు అయిపోయి సొంత పేరు మొదలవుతుంది. ఒంటి గుర్తు అంటే మాటల మధ్య ఖాళీ. వరస మొత్తం 44 అక్షరాలు, అందులో పేరుకు మిగిలేవి 39. వెంకట సత్యనారాయణ లక్ష్మీ నరసింహారావు లాంటి పేరుకు ఇంటిపేరు కూడా కలిస్తే ఆ వరసలో పట్టక తెగిపోతుంది. అప్పుడు పైన అచ్చయిన పూర్తి పేరునే చూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు. మనలో చాలామంది ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే రాయించేశారు. ఒకే పేరున్నవాళ్లు ఏ గడిలో ఏం రాయాలో ఒక్కో పరీక్ష ఒక్కో రకంగా చెబుతుంది. ఆ పరీక్ష సూచన చదవకుండా పక్కింటబ్బాయి చేసినట్టు చేయకండి. పరీక్ష గట్టెక్కినా ఇబ్బంది అక్కడితో పోదు. అమెరికా వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి వెళ్లి, సొంత పేరు చోట FNU అని పడుతుంది. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒంటి పేరుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను అనుమతించడం లేదు. నన్నడిగితే, విదేశీ చదువు ఆలోచన ఉన్నవాళ్లు పరీక్ష సంగతి తర్వాత చూసుకుని, ముందు ఇంటిపేరు విడదీయించి పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించుకోవాలి. కొత్త పుస్తకంతో నంబరు కూడా మారుతుంది. ఐఈఎల్‌టీఎస్‌లాంటి పరీక్షకు బుక్ చేసినప్పుడు ఇచ్చిన పాస్‌పోర్టునే తీసుకెళ్లాలి. మధ్యలో మారితే కేంద్రానికి ముందే తెలియజేయాలి.

అన్ని పరీక్షలూ ఒకే కొలత పెట్టవని కూడా తెలిసుండాలి. జార్జియాలోనో ఫిలిప్పీన్స్‌లోనో మెడిసిన్ చదివి యూఎస్ఎంఎల్ఈ రాసే మన పిల్లలకు కొద్దిపాటి వెసులుబాటు ఉంది. పెద్దక్షరాలు చిన్నక్షరాల తేడాను, ఒకచోట మిడిల్ నేమ్ ఉండి ఇంకోచోట లేకపోవడాన్ని, ఒకచోట పూర్తిగా ఉన్న మిడిల్ నేమ్ ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉండటాన్ని ఒప్పుకుంటారు. మొదటి పేరు, ఇంటిపేరు మాత్రం కచ్చితంగా కలవాలి. ఈ సడలింపు అక్కడికే, దాన్ని నమ్ముకుని జీఆర్ఈకి వెళితే కుదరదు.

డిగ్రీ పట్టాలో పేరు వేరుగా ఉందన్న బెంగ పరీక్ష గదికి తీసుకెళ్లక్కర్లేదు. అక్కడ పట్టా ఎవరూ అడగరు. ఆ తేడా సంగతి తర్వాత యూనివర్సిటీతో, అవసరమైతే అఫిడవిట్‌తో తేల్చుకోవచ్చు.

డబ్బు కట్టే బటన్ నొక్కబోయే ముందు పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకోండి. బ్రౌజర్ నింపిన పేరు చెరిపేసి అక్షరం అక్షరం చూసి టైపు చేయండి. కన్ఫర్మేషన్ మెయిల్ రాగానే దాన్ని ఇంట్లో ఇంకొకరి చేత గట్టిగా చదివించి పాస్‌పోర్టుతో పోల్చుకోండి. పాస్‌పోర్టు రెన్యువల్‌కో వీసా స్టాంపింగ్‌కో ఇచ్చి ఉంటే, అది తిరిగి మీ చేతికి వచ్చేదాకా పరీక్ష తేదీ తీసుకోకండి.