ఆరు వాటాలు, ఒకటే బోరు

రాత్రి పదకొండున్నరకి స్కూలు కరస్పాండెంట్ గారి దగ్గర్నుంచి ఫోను. "ఏవండీ, మన సైటు తెరుచుకోవట్లేదు. తెల్లారితే అడ్మిషన్ ఫారాలు పెట్టాలి" అన్నారు. ఆయనతో మాట్లాడుతుండగానే కల్యాణ మండపం వాళ్ల ఫోను. ల్యాప్‌టాప్ తీసి చూస్తే నేను చూసుకునే ఆరు సైట్లలోనూ ఒకటే తెల్ల పేజీ, దాని మీద ఒకటే వాక్యం: `Error establishing a database connection`.

ఆరూ చిన్నవే. స్కూలు, మండపం, చీరల కొట్టు, పళ్ల డాక్టరు గారి క్లినిక్, ఇంకో రెండు. అన్నీ వర్డ్‌ప్రెస్‌లో కట్టినవి, అన్నీ ఒకే అద్దె సర్వర్లో ఉన్నవి. 4 జీబీ ర్యామ్, రెండు కోర్లు, 80 జీబీ డిస్కు. ఒక్కో సైటునీ ఒక్కో డాకర్ కంటైనర్లో పెట్టాను. డేటాబేస్ మాత్రం అందరికీ కలిపి ఒక్క మరియాడీబీ. సర్వర్లోకి వెళ్లి `dmesg` కొడితే ఈ లైను కనిపించింది:

```
Out of memory: Killed process 2214 (mariadbd)
```

జరిగిందేమిటంటే, చీరల సైటు లాగిన్ పేజీ మీద పాస్‌వర్డులు ఊహించే బాట్లు పడ్డాయి. వచ్చే రిక్వెస్టులు పెరిగేకొద్దీ వాటిని అందుకోడానికి అపాచీ కొత్త ప్రాసెస్‌లు తెరుస్తూ పోతుంది. ఒక్కోటీ యాభై అరవై ఎంబీ తింటుంది. ర్యామ్ అంతా నిండిపోయాక లినక్స్ కెర్నల్ ఎవరో ఒకరిని చంపి చోటు చేసుకోవాలి. ఎవరివల్ల ఈ తంటా వచ్చిందని అది విచారించదు, ఎక్కువ మెమరీ పట్టుకుని కూర్చున్నదాని మీద పడుతుంది. ఆ సమయానికి అన్నిటికంటే లావుగా ఉన్నది డేటాబేసే. బాట్లు పడింది చీరల కొట్టు మీద, మూతపడింది ఆరుగురివీ.

మర్నాడు ఇదంతా విన్న మిత్రుడొకడు, "అందుకే అంటాను, ఎవరి వర్చువల్ మెషీన్ వాళ్లకి ఉండాల్రా" అన్నాడు. వాడి మాటలో సగం నిజముంది. ఆ సగం ఏదో చూడాలంటే ముందు ఈ రెంటికీ తేడా తెలియాలి.

కంటైనరంటే ఒక ఇంట్లో వాటా లాంటిది. తలుపు వేరు, తాళం వేరు, వంటిల్లు వేరు. పెరట్లో బోరు మాత్రం అందరికీ ఒకటే. ఇక్కడ బోరు అంటే కెర్నల్. కంటైనర్లోకి వెళ్లి `uname -r` కొట్టి, బయట సర్వర్లో కూడా అదే కొట్టి చూడండి, రెండుచోట్లా ఒకటే నంబరు వస్తుంది. వర్చువల్ మెషీన్ అలా కాదు. అది విడి ఇల్లు, దాని బోరు దానిదే. కెర్నల్ దగ్గర్నుంచి మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఇంకోసారి నడుస్తుంది.

విడి ఇళ్లు కట్టాలంటే స్థలం కావాలి. ఒక్కో మెషీన్లో ఆపరేటింగ్ సిస్టమ్, వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, సొంత డేటాబేస్ అన్నీ నడవాలంటే తలా 1 జీబీ అయినా ఇవ్వాలి. నా 4 జీబీలో మూడు పట్టేసరికే కిందున్న సర్వర్‌కి ఊపిరాడదు. పైగా ఒక మెషీన్‌కి రాసిచ్చిన మెమరీ ఖాళీగా ఉన్నా, పక్కదానికి అవసరమైనప్పుడు తేలిగ్గా అందదు. స్కూలు సైటు ఏడాదిలో పదినెలలు నిద్రపోతుంది. దానికోసం 1 జీబీ తాళం వేసి ఉంచడం నాకు మనసొప్పలేదు.

ఇంకో చిక్కుంది. మనం నెలకింతని అద్దెకు తీసుకునే చవక సర్వర్ చాలావరకు అదే ఒక వర్చువల్ మెషీన్. అందులో మళ్లీ మెషీన్లు పెట్టడానికి అద్దెకిచ్చే సంస్థలు చాలాచోట్ల ఒప్పుకోవు. మీ సర్వర్లో `/dev/kvm` ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. అప్పుడు విడి మెషీన్లంటే అర్థం ఆరు సర్వర్లకి అద్దె కట్టడం, లేదా పెద్ద యంత్రం మొత్తాన్నీ అద్దెకు తీసుకోవడం.

అసలు ఆ రాత్రి జరిగిన తప్పు కంటైనర్లది కాదు, నాది. ఏ వాటాకి ఎన్ని బిందెలో నేను చెప్పలేదు. మనం చెప్పకపోతే డాకర్ ఏ హద్దూ పెట్టదు, ఏ కంటైనరైనా సర్వర్లో ఉన్నంతా తాగొచ్చు. హద్దు పెట్టడానికి కంపోజ్ ఫైల్లో ఒక్కో సైటుకీ రెండు లైన్లు చాలు:

```yaml
services:
  cheeralu:
    image: wordpress:php8.3-apache
    mem_limit: 384m
    cpus: 1.0
    restart: unless-stopped
```

లెక్క ఇలా వేశాను. ఆరు సైట్లకి తలా 384 చొప్పున 2304 ఎంబీ. డేటాబేస్‌కి 768. అందరికీ ముందు నిలబడి రిక్వెస్టులు పంచే ఎన్‌జిన్ఎక్స్‌కి 128. మొత్తం 3200. మిగిలిన ఎనిమిది వందల చిల్లర సర్వర్ సొంతానికి. ఇవి ఎవరికీ ముందే పక్కన పెట్టి ఉంచేవి కావు, దాటకూడని గీతలు మాత్రమే. స్కూలు నిద్రపోతుంటే దాని మెమరీని డిస్కు ఫైళ్లు దాచుకోడానికి కెర్నల్ వాడేసుకుంటుంది.

నెల తిరక్కుండా బాట్లు మళ్లీ వచ్చాయి. ఈసారి `dmesg`లో లైను కొంచెం మారింది: `Memory cgroup out of memory`. మధ్యలో చేరిన ఆ `cgroup` అనే మాటే నాకు కావలసింది. అంటే నిండింది సర్వర్ కాదు, ఒక్క కంటైనర్ గీత. చచ్చింది చీరల సైటు అపాచీ పిల్ల ప్రాసెస్ ఒకటి. ఆ సైటు కాసేపు నత్తనడక నడిచింది. కరస్పాండెంట్ గారు హాయిగా పడుకున్నారు.

మిత్రుడి మాటలో నిజమున్న సగం దాడుల దగ్గర బయటపడుతుంది. ఒక సైటులోని పాత ప్లగిన్ ద్వారా ఎవడో లోపలికి దూరాడనుకోండి. కంటైనర్ గోడ వాణ్ని ఆ సైటు ఫైళ్ల దగ్గరే ఆపుతుంది, మనం కిటికీలు తెరిచి పెట్టకపోతే. నేనే ఒకటి తెరిచాను. ఇంట్లోంచి డేటాబేస్ చూసుకోడానికని `"3306:3306"` అని రాశాను. ఫైర్‌వాల్ `ufw`లో ఆ పోర్టు మూసే ఉంది కదా అని ధీమా. కానీ డాకర్ తన దారులు తనే వేసుకుంటుంది, ఆ ట్రాఫిక్ `ufw` కాపలా ఉన్న గుమ్మం మీదుగా రాదు. మొబైల్ నెట్‌వర్క్ నుంచి ప్రయత్నిస్తే డేటాబేస్ ఎంచక్కా పలికింది. `"127.0.0.1:3306:3306"` అని మార్చాక నోరు మూసుకుంది. ఆరు సైట్లకీ డేటాబేస్ రూట్ పాస్‌వర్డే ఇవ్వడం ఇంకో పెద్ద కిటికీ. అలా ఇస్తే మధ్యలో గోడలున్నా లేనట్టే. ఎవరి యూజరు వాళ్లకుండాలి, వాళ్ల డేటాబేస్ మించి కనపడకూడదు.

ఇవన్నీ సరిచేశాక కూడా బోరు ఒకటే. 2022లో బయటపడ్డ డర్టీ పైప్ లాంటి లోపం కెర్నల్‌లోనే ఉంటే వాటాల మధ్య గోడను నమ్ముకోలేం. విడి మెషీన్లో అదే లోపం ఉన్నా, దూరినవాడు ముందు ఆ ఇంటి బోరు వరకే వెళ్లగలడు. పక్కింటికి పోవాలంటే వర్చువల్ మెషీన్లను నడిపే పొరలో ఇంకో లోపం దొరకాలి.

అందుకని పళ్ల డాక్టరు గారి సైటు మార్చాను. అందులో రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. పైగా ఆయన మేనల్లుడు "నాకూ సర్వర్ రూట్ కావాలంకుల్, ఏదో ప్రయోగం చేస్తా" అన్నాడు. అందరూ ఉండే సర్వర్లో ఒకరికి రూట్ ఇస్తే అందరి తాళాలూ ఇచ్చినట్టే. డాకర్ కమాండ్లు నడిపే హక్కు ఇచ్చినా అంతే. డాక్టరు గారికి 1 జీబీ చిన్న సర్వర్ విడిగా తీసుకుని, అద్దె ఆయన బిల్లులోనే కలిపాను. మిగతా ఐదుగురి సైట్లూ నా చేతిలోనే ఉంటాయి, వాటిలో దాచుకోవాల్సిన సమాచారం పెద్దగా లేదు. అవి వాటాల్లోనే ఉన్నాయి.

వాటి కెర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ కొడితే ఐదూ ఒకేసారి పోయి, ఒకేసారి తిరిగొస్తాయి, రెండు నిమిషాల్లో. మండపం వాళ్లకి ముహూర్తాల సీజను, స్కూలుకి అడ్మిషన్లు, చీరల కొట్టుకి శ్రావణమాసం. ఐదుగురికీ కుదిరే రోజు కోసం క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటే, చివరికి తేలేది ఏదో ఒక ఆదివారం తెల్లవారుజాము మూడు గంటలే.